అతుకులక్క కలిపిన రెండు ఫైళ్ళు

ఆస్పత్రి కింది అంతస్తులో, మందుల గిడ్డంగికీ ఉతికిన దుప్పట్ల గదికీ మధ్య రికార్డుల గది ఉంది. కిటికీ ఉంది గానీ అది తెరిస్తే ఎదురుగా గోడే. ఆ గదిలో పనిచేసే ఆవిడను ఆస్పత్రి మొత్తం అతుకులక్క అని పిలుస్తుంది. ఒకే మనిషికి పొరపాటున రెండు నంబర్లు పడితే, ఆ రెండు ఫైళ్ళనూ కలిపి ఒకటి చేయడం ఆవిడ పని. పేరు పెట్టింది పక్క బల్ల మీసాలాయన. మొదట్లో వెక్కిరింపుగానే అన్నాడు. తరవాత అందరికీ అదే అలవాటైపోయింది, ఆవిడకి కూడా. ఫోనెత్తి "అతుకులక్కనే, చెప్పండి" అంటుంది.

చదువు పెద్దగా లేదు. పెళ్ళయిన కొత్తల్లో ఇదే ఆస్పత్రిలో చీటీలు రాసే కిటికీ దగ్గర చేరింది. మనుషులు పేరు ఎన్ని రకాలుగా చెబుతారో, వయసు అడిగితే ఎలా పక్కవాళ్ళ మొహం చూస్తారో అక్కడే నేర్చుకుంది. అప్పట్లో పుట్టిన తేదీ తెలియదని ఎవరైనా అంటే వయసు లెక్కగట్టి జనవరి ఒకటి అని వేసేవాళ్ళు. "సగం ఊరు నా చేతి మీదుగానే జనవరి ఒకటిన పుట్టింది" అని ఇప్పటికీ నవ్వుతుంది. భర్త పోయాక అత్తగారితోనే ఉంటోంది. ఆవిడ నోరు ఊరుకోదు. "పొద్దున్నించీ ఎవరెవరినో కలిపొస్తావు, నీ చెప్పుల జత మాత్రం చెరో గదిలో ఉంటుంది" అంటుంది. నిజమే, ఉంటుంది.

పని దగ్గర మాత్రం ఆవిడకి కొన్ని పట్టింపులున్నాయి. రెండు ఫైళ్ళనూ తెర మీద పక్కపక్కన పెట్టి, చిన్న గొంతుతో పైకి చదువుతుంది. కళ్ళు దాటేసింది చెవి పట్టుకుంటుందట. కలిపే మీట తానొక్కతే ఎప్పుడూ నొక్కదు. రెండో మనిషి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, ప్రతి వరసా చూసి, సరే అనాలి. కొట్టివేత అనే మాట ఆవిడ నోట రాదు. "తప్పయినా అది ఒకరోజు ఒకరు రాసిన మాటే. తప్పని పక్కన రాస్తాం, అంతే" అంటుంది.

ఆ రోజు పొద్దున్నే మత్తు డాక్టరమ్మ నుంచి ఫోను వచ్చింది. తుంటి కీలు మార్చే ఆపరేషన్ కోసం ఒక దర్జీ పిన్ని వచ్చింది. వచ్చే మంగళవారానికి రాశారు. పేరు కొట్టి చూస్తే ఇద్దరు వస్తున్నారు.

"ఒక ఫైల్లో పెన్సిలిన్ పడదని ఉంది అతుకులక్కా. మొహం వాచి, గొంతు పూడుకుపోయి, ఊపిరాడలేదని రాశారు. రెండో ఫైల్లో ఏ మందూ పడకపోవడం లేదని ఉంది. అంతే అయితే నేను పట్టించుకోను, ఎవరూ అడిగుండరు అనుకుంటాను. కానీ అదే ఫైల్లో దగ్గు జ్వరానికి ఆమాక్సిసిలిన్ ఇచ్చారు. అది పెన్సిలిన్ జాతే. మళ్ళీ చూపించుకోడానికొచ్చి పూర్తిగా వాడాను, ఏ ఇబ్బందీ లేదు అని చెప్పింది."

"అంటే ఇప్పుడు పడుతున్నట్టా డాక్టరమ్మా?"

"ఈ రెండూ ఒకే మనిషివైతే పడుతున్నట్టే అనుకోవచ్చు. చిన్నప్పుడు పడనిది తరవాత పడిన వాళ్ళు చాలామందే ఉంటారు. అప్పుడు కోత పెట్టేముందు మామూలుగా ఇచ్చే మందే ఇస్తాను, అదే మంచిది కూడా. కాకపోతే మాత్రం బల్ల మీదే మనిషి పోవచ్చు. పైగా రక్తం పలచబడే మాత్ర ఒక ఫైల్లో ఐదు మిల్లీగ్రాములు, ఒక ఫైల్లో మూడు. అది ముందే ఆపాలి. ముందు నాకు ఇది చెప్పండి, ఈ ఇద్దరూ ఒకరేనా?"

"మధ్యాహ్నానికి చెబుతా" అంది అతుకులక్క.

రెండు ఫైళ్ళూ తెర మీదికొచ్చాయి. పాత నంబరులో పుట్టింటి ఇంటిపేరు, కొత్త నంబరులో అత్తింటిది. పాతదాన్లో పుట్టిన తేదీ జనవరి ఒకటి, కొత్తదాన్లో వైద్యం కోసం కార్ఖానా ఇప్పించిన గుర్తింపు కార్డు మీది తేదీ, సంవత్సరం కూడా రెండేళ్ళు తేడా. తల్లి పేరు రెండింట్లోనూ ఒకటే. వీధి ఒకటే. పాతదాన్లో రాసిన కుడి మోకాలి కింద కాలిన మచ్చ కొత్తదాన్లోనూ ఉంది. గుండె కొట్టుకోవడంలో లయ తప్పుతోందన్నది కూడా రెండింట్లో ఉంది. ఒక్క గుర్తుతో ఆవిడ తృప్తి పడదు. ఇన్ని కలిశాక తలూపింది.

మీసాలాయన కుర్చీ లాక్కున్నాడు. ఆయన రిటైరవ్వడానికి దగ్గర పడ్డవాడు. అటకెక్కిన పాత కాగితం ఫైళ్ళన్నీ దించి, ఈ మధ్యే కంప్యూటర్లో ఎక్కించింది ఆయనే. దర్జీ పిన్ని పాత ఫైలూ వాటిలోదే. కొత్త కార్డుతో ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు ఆ ఫైలు అటక మీదుంది. కిటికీలో వాళ్ళు వెతికితే దొరకలేదు. కొత్త నంబరు ఇచ్చేశారు. రెండు నంబర్లు పడ్డ కథ అంతే.

"ఇందులో తన్నుకోవడానికేముంది? తాజా తేదీ ఏదుంటే అది తీసుకుంటుంది కంప్యూటర్. మాత్ర ఐదు. చూడు, మొన్న మొన్నటి తేదీ" అన్నాడు మీసాలాయన.

"మొన్న ఈవిడ ఆస్పత్రికొచ్చిందా?"

"రాలేదా?"

"ఈ ఫైల్లో మాత్ర, ఎక్స్‌రే, మందు పడకపోవడం, పురిటి కాగితం, అన్నీ ఒకటే రోజు. ఒకే రోజున ఈవిడ కనడం, గుండె చూపించుకోవడం, మొహం వాయడం అన్నీ అయిపోయాయా బాబాయ్?"

మీసాలాయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు. "అది నేను టైపు కొట్టిన రోజు. తేదీ గడి దానంతటదే నిండిపోయేది. నేను మార్చలేదు."

"నువ్వేం చేస్తావు, గుట్టలు గుట్టలు దించావు. స్కాన్ చేసిన కాగితం బొమ్మ తెరువు, దాని మీదున్న తేదీ చూద్దాం."

కాగితం మీద ఐదు అన్న మాత్ర రాసింది చాలా ఏళ్ళ కిందట. మూడు అన్నది గుండె డాక్టరు కిందటి నెల రాసింది. అతుకులక్క ఒక్కో వరసకీ అసలు తేదీ వేస్తూ వచ్చింది. ఎక్కించిన తేదీని కూడా పక్కనే ఉంచింది. ఎప్పుడు జరిగిందో ఒక గడి, ఎప్పుడు రాశారో ఒక గడి. మందుల గదిలో ఉండే ఫార్మసిస్టుకు ఫోను చేసి, పిన్ని సంచిలో తెచ్చుకున్న మాత్రల అట్ట చూడమంది. ఆయన చూసి, ఎలా వేసుకుంటోందో ఆవిడ నోటితోనే చెప్పించుకుని, మూడే అన్నాడు. ఇప్పుడు వాడుతున్న మందుల్లో మూడు ఒక్కటే నిలిచింది. ఐదు, ఆపేసిన మందుల్లోకి వెళ్ళింది. రెండూ వాడుతున్నవాటిలోనే ఉండిపోతే ఎవరైనా కలిపి ఎనిమిది రాసినా రాస్తారు. ఆపరేషన్ ముందు ఆ మాత్ర ఎప్పుడు ఆపాలో డాక్టరమ్మ చూసుకుంటుంది.

పుట్టిన తేదీ దగ్గర కార్డుదే పైన పెట్టింది. జనవరి ఒకటి, అంచనా వేసినది అన్న మాటతో కింద మిగిలింది. గుండె డాక్టరు దగ్గర నడుస్తున్న కొత్త నంబరే నిలిచే నంబరు. పాతది చావదు. ఎవరైనా ఆ నంబరుతో వెతికినా కొత్త ఫైలే తెరుచుకుంటుంది.

మిగిలింది పెన్సిలిన్. 

"పడదన్నది ఎలాగూ ఉంచుతావు కదా?" అన్నాడు మీసాలాయన.

"ఉంచుతాను. ఏ మందూ పడకపోవడం లేదు అన్నది ఎవరూ అడగకపోయినా పడే టిక్కు. అది దీన్ని కొట్టెయ్యలేదు. కానీ ఈ ఆమాక్సిసిలిన్ రోజు ఊరికే టిక్కు కాదు. అది చూసి డాక్టరమ్మ ధైర్యం చేస్తుంది. చెయ్యాలి కూడా, వాళ్ళ చదువు అదే చెబుతుంది."

ఆ రోజు కాగితాన్ని మళ్ళీ పైకి చదవడం మొదలుపెట్టింది. దగ్గు, జ్వరం, ఆకలి లేదు. నాడి క్రమంగా ఉంది. బరువు నలభై ఒకటి.

ఆగింది.

"బాబాయ్, దీని ముందు వచ్చినప్పుడు బరువెంత?"

"అరవై ఆరు."

"తరవాత?"

"తగ్గిందని చెప్పిన రోజు తూచలేదు. ఆ తరవాత వచ్చినప్పుడు అరవై ఏడు. అరవై ఒకటి అని రాయబోయి నలభై ఒకటి రాసుంటారులే."

"ఉండొచ్చు. నాడి కూడా క్రమంగా ఉందంటున్నారు, లయ తప్పే గుండెకి. అది కూడా ఒక్కోరోజు కుదురుకుంటుందేమో, నాకు తెలీదు. రెండూ ఒకే రోజు మాత్రం నాకు నచ్చలేదు." మీట మీద నుంచి చెయ్యి తీసేసింది. డాక్టరమ్మకి ఫోను చేసి, మనిషి ఒకరే, కానీ ఆ ఒక్కరోజు ఆవిడది కాదేమోనని అనుమానంగా ఉంది, అంది. డాక్టరమ్మ వాదించలేదు. "నేను అడిగితే భయపడి నాకు కావలసిందే చెబుతుంది. మీరు కూర్చుని మాట్లాడండి. తరవాత నేనూ వస్తాను" అంది.

దర్జీ పిన్ని వరండా చివరి చిన్న గదిలో, గోడకి చేతికర్ర ఆనించుకుని కూర్చుంది. పెద్ద బట్టల కార్ఖానాలో కాలరు కుట్టేదట. ఇప్పటికీ వేళ్ళ చివర్లు మొద్దుబారి ఉన్నాయి. అతుకులక్క ఎదురుగా కూర్చోకుండా పక్కన కూర్చుంది.

"పిన్నీ, ఒకసారి దగ్గు జ్వరం వచ్చి ఇక్కడికొచ్చావు, ఆరేళ్ళ కిందట. గుర్తుందా?"

"వచ్చుంటాను. జ్వరాలు రాకుండా ఉంటాయా?"

"అప్పుడు బాగా చిక్కిపోయావా?"

పిన్ని చేతికర్ర తీసి ఒళ్ళో పెట్టుకుంది. "చిక్కాను. ఎందుకు అడుగుతున్నావు? చిక్కితే ఆపరేషన్ చెయ్యరా?"

"చేస్తారు. నేను అడిగేది వేరే. నీకు పెన్సిలిన్ సూది వేస్తే ఏమైంది?"

"చచ్చాననుకున్నారు." పిన్ని ఆ మాట మాత్రం తడుముకోకుండా చెప్పింది. "మా పెద్దాడు పుట్టిన ఏడాది. వేలికి సూది దిగి చీము పట్టింది. ఇంజక్షను వేసిన కాసేపటికే పెదాలు ఇంత లావు. గొంతులో గుడ్డ కుక్కినట్టు. మా ఆయన ఏడుపు వినబడుతోంది, నేనేమో మాట్లాడలేను."

"మరి ఆ జ్వరానికిచ్చిన మాత్రలు అదే జాతివి పిన్నీ. అవి నువ్వు పూర్తిగా వాడావని రాసుంది. అది నిజమనుకుంటే మంగళవారం డాక్టరమ్మ అదే జాతి మందు నీ నరంలోకి ఎక్కిస్తుంది."

పిన్ని కిటికీ వైపు చూసింది. ఎవరూ లేని గుమ్మం వైపు చూసింది.

"చెబితే కార్డు తీసేసుకుంటారా?"

"నాకు తెలీదు పిన్నీ. ఆ నిర్ణయం ఆఫీసు వాళ్ళది. నేను తీసుకోరని మాటిచ్చి నీచేత చెప్పించుకుంటే అది మోసం. ఒకటి మాత్రం చెప్పగలను. కార్డు పోతే దాని గురించి తిరగొచ్చు, పోట్లాడొచ్చు. బల్ల మీద గొంతు పూడుకుపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు."

బయట మందుల బండి చక్రాలు కీచుమంటూ వెళ్ళాయి.

"అది మా చెల్లి" అంది పిన్ని. "నా మిషను పక్క మిషను దానిది. రోజు కూలీ. దానికి కార్డు లేదు. దగ్గుతూ దగ్గుతూ గుడ్డ మీద వాలిపోయేది. నా కార్డు చేతిలో పెట్టి, నా పేరు చెప్పు, నా వయసు చెప్పు అని పంపించాను. నేను గేటు బయట నిలబడ్డాను. లోపలికి వస్తే ఇద్దరం ఉన్నామని తెలిసిపోతుంది కదా. రెండోసారి కూడా అదే వచ్చింది, తగ్గిందని చెప్పడానికి. వద్దే, తగ్గితే ఎందుకు వెళ్ళడం అన్నాను. డాక్టరుగారు రమ్మన్నారక్కా, రాకపోతే బాగోదు అంది."

"ఇప్పుడెక్కడుంది?"

"ఆ పై ఏడు మళ్ళీ దగ్గు వచ్చింది. ఈసారి నన్ను అడగలేదు. నాకేదన్నా అవుతుందని భయపడిందేమో. ఇంట్లోనే పోయింది." పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకోలేదు. వేలితో చేతికర్ర మీది గీతను రుద్దుతూ ఉంది. "నాకు కీళ్ళు అరిగితే మార్చడానికి కార్డుంది చూడు."

అతుకులక్క కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

పిన్నే అడిగింది. "ఆ కాగితం చింపేస్తారా ఇప్పుడు?"

"మా గదిలో చింపడం లేదు పిన్నీ. అది నీ ఫైల్లో ఉండకూడదు, నిజమే. మీ చెల్లెలి పేరు మీద ఫైలు తెరిచి, ఆ రెండు రోజులూ అందులోకి మారుస్తాం. మొదట ఎక్కడ రాశారో, ఎందుకు మార్చామో కూడా రాస్తాం."

"చచ్చిపోయినదానికి ఫైలా?"

"బతికుండగా చూపించుకుంది కదా."

పేరు చెప్పింది పిన్ని. పుట్టిన తేదీ అడిగితే రోజుతో సహా, ఏ పూటో కూడా చెప్పింది. తన తేదీ కార్డు చూస్తేగానీ తెలియని మనిషి. "నేనే ఎత్తుకున్నాను ముందు. అమ్మకి ఒంట్లో బాగా లేదు" అంది.

డాక్టరమ్మ వచ్చింది. కార్డు మాటెత్తలేదు. సూది వేసిన రోజు సంగతి మళ్ళీ మొదటినుంచీ అడిగింది. ఎంతసేపటికి వాచింది, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయా, మళ్ళీ ఎప్పుడైనా ఆ మందు వాడావా. అన్నీ విని, పెన్సిలిన్ పడదన్నది ప్రమాదకరమైనది అని తన పేరుతో రాసింది. ఆపరేషన్‌కి వేరే జాతి మందు రాసింది. రక్తం పలచబడే మాత్ర ఏ రోజు నుంచి ఆపాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, చదివి వినిపించింది.

మధ్యాహ్నం అతుకులక్క ఆఫీసు పెద్దాయన గదికి వెళ్ళింది. ఆయన వినడానికి ముందే మొహం చిట్లించాడు. "అంటే ఒకరి కార్డు మీద ఇంకొకరు వైద్యం చేయించుకున్నారు. నేను పైకి రాయాలి."

"రాయండి సార్. నేనూ రాశాను, ఉన్నదున్నట్టు. మంగళవారం ఆపరేషన్ మాత్రం దీనికి ముడిపెట్టకండి. ఆవిడ చెప్పి ఉండకపోతే మనమే చంపి ఉండేవాళ్ళం. చెప్పినందుకు శిక్ష పడిందని బయట తెలిస్తే ఇంకెవరూ మనకి నిజం చెప్పరు. అబద్ధాల ఫైళ్ళు కలపడం నావల్ల కాదు."

పెద్దాయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. చివరికి, పైకి రాస్తాను, వాళ్ళేమంటారో చూద్దాం, ఆపరేషన్ తేదీ అలాగే ఉంటుంది, అన్నాడు. అంతకన్నా ఆయన ఏమీ ఇవ్వలేదు. అది చాలు అనుకుని వచ్చేసింది.

ముందు చెల్లెలి ఫైలు తెరిచారు. ఇంటి చిరునామా, పిన్ని చెప్పింది. ఫోను, ఖాళీ. దగ్గరి బంధువు అన్న గడిలో పిన్ని పేరు. బంధుత్వం, అక్క. రెండు రోజుల కాగితాలు అటు జరిగాయి. ఫైలు పైన మరణించిన ఏడాది పడింది, దాని పక్కన అక్క చెప్పినది అని. అప్పుడు పిన్ని రెండు ఫైళ్ళనూ కలపడానికి కూర్చున్నారు. మీసాలాయన ఆ రోజు వేళాకోళం ఆడలేదు. వరస వరసా వేలు పెట్టి చదివాడు.

"పడని మందు, ఉంది. మాత్ర మూడు, ఉంది. ఐదు, ఆపినవాటిలో. జనవరి ఒకటి, అంచనా. సరే. నొక్కు."

నొక్కింది. పని అక్కడితో అయిపోలేదు. పొద్దున్న పాత నంబరు అచ్చేసిన చీటీతో పిన్ని రక్తం పరీక్షకి వెళ్ళింది. ఎక్కించే రక్తం చూసి పెట్టే గదికి అతుకులక్క ఫోను చేసి, నంబరు మారిందని చెప్పింది. సీసా మీద చీటీ మార్చేస్తామంటే వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పిన్ని మళ్ళీ చెయ్యి చాపి రక్తం ఇవ్వాల్సి వచ్చింది. "ఇవాళ నా దగ్గర ఇంకేం మిగల్లేదమ్మా" అంది, నవ్వబోయి.

మంగళవారం కోతకి ముందు గదిలో అందరూ చేతులు ఆపి, పేరు, నంబరు, ఏ కాలు, పడని మందు ఏది అని పైకి చదివారు. పెన్సిలిన్, అన్న మాటకి డాక్టరమ్మ తలూపింది. మిగతాదంతా మామూలుగానే జరిగింది.

మర్నాడు అతుకులక్క వార్డుకి వెళ్ళింది. మంచం పక్కనున్న కాగితాల మీద పాత నంబరు చీటీ ఎక్కడైనా మిగిలిందేమో చూడాలి. అది సాకు కాదు, నిజంగానే ఒకటి దొరికింది. అడ్డగీత గీసి కొత్తది అంటించింది. పిన్ని దిండుకు ఆనుకుని చూస్తోంది. కార్డు సంగతి పైనుంచి ఇంకా ఏమీ రాలేదు. ఆ సంగతి ఆవిడా అడగలేదు.

"అమ్మాయ్, ఇప్పుడు మా చెల్లి కోసం ఎవరైనా వెతికితే దొరుకుతుందా అందులో?"

"దొరుకుతుంది పిన్నీ."

"నా పేరు చెప్పకుండానే?"

"నీ పేరు చెబితే దొరకదు. తన పేరే చెప్పాలి."

పిన్ని ఏదో అనబోయింది. అంతలో నడిపించే అమ్మాయి నాలుగు కాళ్ళ స్టాండు తెచ్చి మంచం పక్కన పెట్టి, "లేవాలి పెద్దమ్మా, ఇవాళ గుమ్మం దాకా" అంది. అతుకులక్క జరిగి దారి ఇచ్చింది. పిన్ని రెండు చేతులతో స్టాండు పట్టుకుని, పళ్ళు బిగించి, కొత్త కాలు నేల మీద మోపింది.